పప్పు గిన్నె తూకం, పనీర్ లెక్క, అన్నం వాటా

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. తణుకు దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. రోజంతా కుర్చీలోనే. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. ఎనిమిది నెలలుగా సాయంత్రాలు జిమ్‌కి వెళ్తున్నాను. కండ పెరగాలని ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకున్నాను. 40 శాతం పిండిపదార్థాలు, 30 శాతం ప్రోటీన్, 30 శాతం కొవ్వు అని అది చెప్పింది. అందుకని రాత్రి అన్నం మానేశాను, మధ్యాహ్నం ఒక కప్పే. రెండు పూటలా పప్పు, పూటకి 150 గ్రాములు. వేయించిన పనీర్ 200 గ్రాములు, పెరుగు 200 గ్రాములు. ఉదయం మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. యాప్‌లో ప్రోటీన్ రోజూ 120 గ్రాములు చూపిస్తోంది. కానీ ఆరు వారాల్లో 62 కిలోల నుంచి 60కి దిగిపోయాను. బెంచ్ ప్రెస్‌లో ఇదివరకు ఎత్తిన బరువు ఇప్పుడు ఎత్తలేకపోతున్నాను. రాత్రిళ్లు పొట్ట బిగుసుకుపోతోంది. అన్నం మానేస్తే ఒంటికేం పడుతుందని అమ్మ గొడవ. జిమ్‌లో వే పౌడర్ వాడమంటారు, నాన్నేమో అవి మందులంటారు. శనివారం ఒంటిపూట ఉంటాను. నేను పనీర్ పెంచాలా, పప్పు పెంచాలా? అన్నం ఎంత తినొచ్చు?

— పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: ముందు ఆ 120 సంగతి చూద్దాం, ఎందుకంటే తప్పు అక్కడే మొదలైంది. కందిపప్పు 100 గ్రాముల్లో 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుందన్నది నిజమే, కానీ అది డబ్బాలో ఉన్న పప్పు మాట. ఉడికి, నీళ్లు పీల్చుకుని, దోసకాయ ముక్కలో టమాటాలో కలిసిన పప్పుకి ఆ అంకె వర్తించదు. మీరు రెండు పూటలా కలిపి తిన్న 300 గ్రాములకి యాప్ 66 గ్రాముల ప్రోటీన్ రాసుకుంది. మీ ఇంట్లో ఐదుగురికి 200 గ్రాముల కందిపప్పుతో దోసకాయ పప్పు చేశారనుకోండి. కూర ముక్కలూ నీళ్లూ కలిసి గిన్నెలో అది దాదాపు కిలో అవుతుంది. అంటే మీ 150 గ్రాముల్లో అసలు పప్పు 30 గ్రాములే. ప్రోటీన్ ఆరున్నర గ్రాములు. రెండు పూటలకీ 13. పప్పుచారైతే అదీ ఉండదు.

ఇది మీ వంటింట్లోనే తేల్చుకోవచ్చు. ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూచి పెట్టుకోండి. పప్పు కడిగే ముందు తూచండి, వండాక గిన్నెతో సహా తూచి ఖాళీ గిన్నె బరువు తీసేయండి. వండక ముందు బరువుని వండిన బరువుతో భాగిస్తే, మీ కంచంలో పడిన ప్రతి గరిటెలో అసలు పప్పెంతో తెలిసిపోతుంది. అన్నానికీ అంతే. 100 గ్రాముల బియ్యం వండితే సుమారు 280 గ్రాముల అన్నం అవుతుంది. ఇకపై యాప్‌లో పప్పు, బియ్యం, పెసలు, శనగలు అన్నీ వండక ముందు తూకంతోనే ఎక్కించండి.

అలా సరిచేస్తే మీ రోజు ఇలా ఉంది: పనీర్ నుంచి 36, పప్పు నుంచి 13, పెరుగు నుంచి 7, ఇడ్లీల నుంచి 6, ఆ ఒక్క కప్పు అన్నం నుంచి 5. మొత్తం 67 గ్రాములు. ఇక కేలరీలు, నూనె, చట్నీ, టీలతో కలిపినా 1,900 దాటవు. మీ వయసుకి, ఎత్తుకి, కుర్చీ ఉద్యోగానికి, సాయంత్రం కసరత్తుకి కలిపి ఉన్న బరువు నిలవడానికే 2,300 దాకా కావాలి. రోజుకి 400 లోటు చొప్పున ఆరు వారాలంటే రెండు కిలోలు దిగడం లెక్కకి సరిగ్గా సరిపోయింది. మీ అమ్మగారు కాగితం, కలం లేకుండానే చెప్పిన మాట అది.

ఇక ఆ 40-30-30. మీకు కండ పెరగాలంటే రోజుకి 2,600 కేలరీలు కావాలి. అందులో 30 శాతం ప్రోటీన్ అంటే 195 గ్రాములు, అంటే ఒంటి బరువులో కిలోకి మూడు గ్రాముల పైచిలుకు. బరువులెత్తేవాళ్లకి కిలోకి 1.6 గ్రాముల దగ్గరే కండ పెరుగుదలకి అందే లాభం దాదాపుగా ఆగిపోతుంది. కొందరికి ఇంకొంచెం ఎక్కువ పనికొస్తుంది, అంతే. శాతాలతో మొదలుపెడితే ఎవరి ఒంటికీ సరిపడని అంకెలొస్తాయి. పైగా పప్పు, పెరుగు, పనీర్‌తో 195 గ్రాములు తీయాలంటే పిండిపదార్థాలో కొవ్వో కట్ట తెంచుకుంటాయి, ఎందుకంటే వీటిలో ఏదీ ఒట్టి ప్రోటీన్ కాదు. పప్పులో ప్రోటీన్‌కి రెండున్నర రెట్లు పిండిపదార్థం ఉంటుంది. పనీర్‌లో ప్రోటీన్ కంటే కొవ్వు ఎక్కువ. మన గేదె పాల పనీర్ అయితే మరీను. మీరు తిన్న 200 గ్రాముల పనీర్‌లో 36 గ్రాముల ప్రోటీన్‌తో పాటు 45 గ్రాముల వరకూ కొవ్వు వచ్చింది. వేయించిన నూనె అదనం. కొవ్వు పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది. రాత్రి పొట్ట బిగుసుకుపోవడానికి సగం కారణం అదే. ఉదయం కొబ్బరి చట్నీ కూడా కొవ్వు పద్దులోకే వెళ్తుంది. 50 గ్రాముల పచ్చికొబ్బరిలో కొవ్వు 16, 17 గ్రాములు, ప్రోటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు.

అందుకని శాతాలు పక్కన పెట్టి వరస మార్చండి. మొదట ప్రోటీన్: 60 కిలోలకి 1.6 చొప్పున 96, లెక్క తేలికగా ఉండటానికి 95 నుంచి 100 గ్రాములు అనుకుందాం. గ్రాముకి 4 కేలరీలు కాబట్టి 400. తర్వాత కొవ్వు: ఒంటి బరువు కిలోకి గ్రాము కంటే కొంచెం ఎక్కువ, 70 గ్రాములు. గ్రాముకి 9 చొప్పున 630. మిగిలిన 1,570 కేలరీలు పిండిపదార్థాలవి, అంటే 390 గ్రాముల చిల్లర. శాతాల్లో చెప్పమంటే ఇది 15, 25, 60 అవుతుంది. యాప్ చెప్పిన దానికి చాలా దూరం, గోదావరి జిల్లాల భోజనానికి చాలా దగ్గర. అన్నం మీకు శత్రువు కాదు. బరువులెత్తే కండరం వాడుకునే గ్లైకోజెన్ ఈ పిండిపదార్థం నుంచే వస్తుంది. బెంచ్ ప్రెస్‌లో మీ బరువు తగ్గడానికి అన్నం మానేయడమే ముఖ్య కారణం అయ్యుంటుంది.

ఇప్పుడు దీన్ని కంచంలోకి దించుదాం.

ఉదయం ఇడ్లీ బదులు వారంలో ఎక్కువ రోజులు పెసరట్టు వేయించుకోండి. 60 గ్రాముల పెసలు రాత్రి నానబెడితే రెండు మంచి అట్లొస్తాయి. ప్రోటీన్ 14 గ్రాములు. చట్నీ కొబ్బరిది కాకుండా అల్లం పచ్చడి. పక్కన వెన్న కొంత తీసిన ప్యాకెట్ పాలు 250 మిల్లీలీటర్లు, అందులో 8 గ్రాములు. ఇడ్లీ తినకూడదని కాదు. కానీ ఇడ్లీలో మినప్పప్పు కంటే రవ్వ చాలా ఎక్కువ. మూడు ఇడ్లీలకి ఆరు గ్రాములే దక్కుతుంది, ఉదయం పూట ఖాళీగా పోయినట్టే.

మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం అన్నం, అంటే వండాక 420 గ్రాములు. దాన్లోనే 11 గ్రాముల ప్రోటీన్ ఉంది. చాలామంది లెక్కలోకి తీసుకోరు గానీ, రోజు మొత్తం మీద అన్నం ఇచ్చేది 20 గ్రాములకి తక్కువుండదు. పప్పు 50 గ్రాములు, 11 గ్రాముల ప్రోటీన్. ఇక్కడే ఇంట్లో చిక్కొస్తుంది. అందరికీ కలిపి వండే గిన్నెలోంచి మీ వాటాకి 50 గ్రాముల పప్పు రావాలంటే పావు కిలో దోసకాయ పప్పు మీరొక్కరే తినాలి. దానికంటే తేలిక పద్ధతి: అమ్మగారు అన్నం కుక్కర్ పెట్టేటప్పుడు చిన్న స్టీలు గిన్నెలో 50 గ్రాముల కందిపప్పు కడిగి, పప్పుకి మూడింతలు నీళ్లు పోసి, చిటికెడు పసుపు వేసి, అన్నం గిన్నె మీద పెట్టేయమనండి. దించాక నీళ్లు వంచకుండా ఉప్పు వేసి మెదిపితే ముద్దపప్పు. ఒక చెంచా నెయ్యి, కాస్త ఆవకాయ. ఇంట్లో అందరి కూరా అందరి పప్పూ ఎప్పటిలాగే ఉంటాయి, మీ తూకం మీకుంటుంది. కూరకి నూనె మీ వాటాకి రెండు చెంచాలు మించకుండా చూసుకోండి, నెయ్యి వేసుకున్న రోజు ఒకటే. చివర 200 గ్రాముల పెరుగుతో 7 గ్రాములు. ఈ పూట మొత్తం 30 గ్రాముల దాకా వస్తుంది.

సాయంత్రం జిమ్‌కి గంట ముందు రెండు అరటిపళ్లు, గుప్పెడు వేయించిన శనగలు, 30 గ్రాములు. ప్రోటీన్ 8. మన రావులపాలెం వైపు పళ్లుండగా ప్రీ-వర్కౌట్ డబ్బాలు కొనడం ఎందుకో నాకర్థం కాదు.

రాత్రి అన్నం తిరిగి తెచ్చుకోండి, 120 గ్రాముల బియ్యం. పనీర్ 100 గ్రాములే, వేయించకుండా టమాటా కూరలో చివర ఐదు నిమిషాలు మగ్గనిచ్చి. పెరుగు 150 గ్రాములు. ఈ పూట 32 గ్రాములు. రోజంతా కలిపితే ప్రోటీన్ 92, కొవ్వు 70, కేలరీలు 2,600కి కాస్త తక్కువ. పనీర్ సగమైంది, అన్నం రెట్టింపు దాటింది, అయినా ప్రోటీన్ 67 నుంచి 92కి ఎక్కింది. అప్పటిదాకా లెక్కలో ఉండి నోట్లో లేని పప్పు ఇప్పుడు నిజంగా కంచంలోకి వచ్చింది కాబట్టి.

పప్పు ప్రోటీన్ అసంపూర్ణమని జిమ్‌లో ఎవరో ఒకరు అంటారు. ప్రోటీన్‌ని కట్టే అమైనో ఆమ్లాల్లో లైసిన్ బియ్యంలో తక్కువ, మెథియోనిన్ పప్పులో తక్కువ. ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది, మిగతాది పాలు, పెరుగు, పనీర్ చూసుకుంటాయి. ఒకే ముద్దలో కలవాల్సిన పని లేదు, ఒక రోజులో పడితే చాలు. నిజమైన తేడా అరుగుదలలో ఉంది. పప్పు ప్రోటీన్ పాల ప్రోటీన్ అంత పూర్తిగా అరగదు. అందుకే మీరు కిలోకి 1.6 దగ్గర ఉండాలి తప్ప 1.2తో సరిపెట్టుకోకూడదు.

ఇప్పుడు 92 నుంచి 100కి వెళ్లే చివరి మెట్టు. మూడు దారులున్నాయి. నాలుగోది ఏమీ చేయకపోవడం, అదీ తప్పు కాదు. కిలోకి ఒకటిన్నర గ్రాములతో కూడా కండ పెరుగుతుంది.

మొదటిది పెరుగుని చిక్కగా చేయడం. రాత్రి పెరుగు తోడేసే పాలల్లో, గోరువెచ్చగా ఉండగా, వెన్న తీసిన పాలపొడి 25 గ్రాములు ఉండలు లేకుండా కలిపి తోడు వేయండి. తొమ్మిది గ్రాముల ప్రోటీన్ కలుస్తుంది, 90 కేలరీలు కలుస్తాయి, పెరుగు గడ్డలా తోడుకుంటుంది. చౌక, ఎవరికీ అభ్యంతరం ఉండదు. పాలు పడని పొట్ట అయితే మాత్రం ఉబ్బరం పెరుగుతుంది, ఎందుకంటే పాలపొడిలో లాక్టోజ్ చాలా ఉంటుంది. టీ వైట్‌నర్ ప్యాకెట్ కాదు, అందులో చక్కెర కలుపుతారు. ప్యాకెట్ వెనక పదార్థాల వరసలో పాల ఘనపదార్థాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

రెండోది మీల్‌మేకర్. 20 గ్రాములకి 10 గ్రాముల ప్రోటీన్, కొవ్వు దాదాపు లేదు. ఈ లెక్కలో పనీర్‌ని ఇది చిత్తుగా ఓడిస్తుంది. ఉప్పు నీళ్లలో ఉడికించి, చల్లారాక గట్టిగా పిండి, మళ్లీ చన్నీళ్లలో ముంచి ఇంకోసారి పిండితే ఆ వాసన పోతుంది. చిన్న ముక్కలు చేసి కూరలో వేస్తే ఇంట్లోవాళ్లు కూడా తింటారు. కొందరికి గ్యాస్ పడుతుంది, అందుకే 20తోనే మొదలు.

మూడోది వే పౌడర్. మీ నాన్నగారి భయానికి జవాబు వంటింట్లోనే ఉంది. పాలు విరిచి పనీర్ వడకట్టినప్పుడు కింద దిగే తేట నీళ్లు చూసుంటారు. చీజ్ తయారీలో మిగిలే అలాంటి తేటలోని ప్రోటీన్‌ని వడగట్టి ఆరబెడితే వచ్చేదే వే. మందు కాదు, పాల సరుకు. ఒక కొలత 30 గ్రాములకి సుమారు 24 గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది. సౌకర్యం తప్ప అందులో మహత్యం లేదు, ఖర్చు మాత్రం ఉంది. మీకు రోజూ సగం కొలత చాలు. ఒకవేళ కొంటే ‘మాస్ గెయినర్’ డబ్బా జోలికి పోవద్దు. అందులో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పొడి రూపంలో పిండిపదార్థం. అది అన్నం రూపంలో మీ మిల్లులోనే దొరుకుతుంది. కొనే డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, 100 గ్రాములకి ప్రోటీన్ ఎంతో చూడండి. 70కి తక్కువుంటే వదిలేయండి.

ఈ మూడింటిలో ఏది పెట్టుకున్నా పనీర్‌ని 100 గ్రాముల దగ్గరే ఆపండి. పనీర్ రుచి మీద మోజు ఉండి 150 తినాలనిపించిన రోజు, దాంతో వచ్చే 11 గ్రాముల అదనపు కొవ్వుకి ఎక్కడో చెల్లు వేయాలి: కూరలో ఒక చెంచా నూనె, నెయ్యి తీసేయండి. ఇంట్లో గేదె పాలతోనే పెరుగు తోడేస్తే, కాచిన పాలు రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే మీగడ ఎత్తి ఆ తర్వాత తోడు వేయండి. ప్రోటీన్ పాలల్లోనే ఉంటుంది, కొవ్వులో మంచి భాగం మీగడతో వెళ్లిపోతుంది. ఆ మీగడతో చేసే నెయ్యి ఇంట్లోవాళ్లకి పనికొస్తుంది.

ఇదంతా ఒక్క రోజులో మార్చకండి. పెసలు, కందిపప్పు, శనగలు కలిపి రోజుకి 140 గ్రాములంటే మీరిప్పుడు తింటున్న దానికి రెట్టింపు పైన. పేగుల్లోని సూక్ష్మజీవులు అలవాటు పడేదాకా కడుపు ఉబ్బుతుంది. మొదటి వారం పెసరట్టు మాత్రం పెట్టుకోండి, రెండో వారం ముద్దపప్పు, మూడో వారం శనగలు. రాత్రి అన్నాన్ని మాత్రం ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

ఆ తర్వాత సర్దుబాటు అంతా అన్నంతోనే. ప్రోటీన్, కొవ్వు కదపొద్దు. వారంలో మూడు రోజులు పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి సగటు రాసుకోండి. అన్నం తిరిగి మొదలుపెట్టిన మొదటి వారంలో కిలో దాకా పెరిగితే కంగారు పడకండి. అది కండరాల్లోకి తిరిగి చేరిన గ్లైకోజెన్, దాంతో పాటు నీళ్లు. రెండో వారం నుంచి లెక్క మొదలు. వారానికి 150 నుంచి 300 గ్రాములు పెరగాలి. రెండు వారాలు వరసగా కదలకపోతే మధ్యాహ్నం బియ్యం 30 గ్రాములు పెంచండి, దాదాపు 105 కేలరీలు. అంతకంటే వేగంగా పెరుగుతూ, బొడ్డు దగ్గర నడుము కొలత నెలకి సెంటీమీటరు దాటుతూ, జిమ్‌లో ఎత్తే బరువులు మాత్రం అక్కడే ఉంటే ఆ పెరిగేది కొవ్వు. అప్పుడు రాత్రి బియ్యం 30 గ్రాములు తగ్గించండి. నడుము పెరగకుండా బరువులు పెరుగుతుంటే దేన్నీ ముట్టుకోవద్దు.

శనివారాల సంగతి. ఒంటిపూట మానమని చెప్పను. ఆ రోజు మధ్యాహ్నం భోజనంలో పనీర్ కూడా చేర్చుకోండి. రాత్రి ఫలహారానికి దిబ్బరొట్టె చేయించుకుంటే 40 గ్రాముల మినప్పప్పు, 80 గ్రాముల బియ్యపు రవ్వ కలిపి 15 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. ఒక గ్లాసు పాలతో 23. ఉదయం ఏమీ తినని ఆచారమైతే ఆ రోజు మొత్తం 80 దగ్గర ఆగుతుంది. వారంలో ఒక రోజు అలా పోతే కండకేమీ కాదు. అయితే ఆ సాయంత్రం కాళ్ల కసరత్తు లాంటి బరువైన రోజు పెట్టుకోకండి, శుక్రవారానికో ఆదివారానికో జరపండి.

ఒక్క జాగ్రత్త. మీ ఇంట్లో ఎవరికైనా మూత్రపిండాల జబ్బు గానీ, చిన్న వయసులోనే షుగర్, బీపీ గానీ ఉంటే, ఈ తిండి మొదలుపెట్టే ముందు ఒకసారి క్రియాటినిన్, షుగర్ పరీక్షలు చేయించుకుని డాక్టరుకి చూపించండి. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకి ఈ మోతాదు ప్రోటీన్ బరువేమీ కాదు. ముందే దెబ్బతిన్న వాటికి మాత్రం ఈ లెక్క పనికిరాదు, డాక్టరు వేరే లెక్క ఇస్తారు.